కాల్, పుట్ పేఆఫ్ గ్రాఫులు తప్పు లేకుండా గీయడం ఎలా? డెరివేటివ్స్ పేపర్ మొదటిసారి రాసేవాళ్లకు

కాల్ కొన్నవాడు, కాల్ అమ్మినవాడు, పుట్ కొన్నవాడు, పుట్ అమ్మినవాడు. కాల్ అంటే ముందే ఖాయం చేసిన ధరకు షేరు కొనే హక్కు, పుట్ అంటే అమ్మే హక్కు, ఆ ధరే స్ట్రైక్. మొత్తం నాలుగే గ్రాఫులు. నాలుగే కదా అని చాలామంది ఆకారాలు బట్టీ పట్టేస్తారు. పరీక్ష హాల్లో కాస్త టెన్షన్ పడగానే ఏ గీత ఎటు వంగాలో తారుమారవుతుంది. ఒకసారి నేనూ పుట్ బ్రేక్ ఈవెన్‌ను, అంటే లాభం నష్టం రెండూ లేని ధరను, స్ట్రైక్‌కు కుడివైపు పెట్టి, దానికి తగ్గట్టు అర పేజీ వివరణ కూడా రాసి వచ్చాను.

అందుకే ఇక్కడ బొమ్మతో మొదలుపెట్టం. ముందు చిన్న టేబుల్ వేస్తాం, అందులోని అంకెలనే కాగితం మీద చుక్కలుగా పెడతాం. చుక్కలు కలిపితే ఆకారం దానంతటదే వస్తుంది.

మొత్తానికి ఒకే ప్రశ్న తీసుకుందాం:

> ఒక కంపెనీ షేరు ఈరోజు 502 రూపాయలు. 500 స్ట్రైక్ ఉన్న కాల్ ప్రీమియం 20 రూపాయలు, అదే స్ట్రైక్, అదే ఎక్స్‌పైరీ ఉన్న పుట్ ప్రీమియం 15 రూపాయలు. లాట్‌కు 600 షేర్లు. కొన్నవారి, రైటర్ల లాభనష్టాలను గ్రాఫులతో వివరించండి.

## 1. పెన్సిల్ పట్టేముందు ప్రశ్నలోంచి తీసుకోవాల్సినవి

ప్రశ్న చదువుతూనే వీటి కింద గీత గీయండి:

- ఆప్షన్ కాలా, పుట్టా?
- మనం కొన్నవాడి వైపా, రైటర్ వైపా? రైటర్ అంటే ఆప్షన్ అమ్మి ప్రీమియం పుచ్చుకున్నవాడు.
- స్ట్రైక్ ఎంత?
- ప్రీమియం ఎంత?
- అడిగింది పేఆఫా, నికర లాభనష్టమా?

ఈ చివరిదే ఎక్కువమంది వదిలేస్తారు. పేఆఫ్ అంటే ఎక్స్‌పైరీ రోజు ఆప్షన్ చేతికిచ్చే విలువ మాత్రమే, అందులో ప్రీమియం కలవదు. దాంట్లోంచి కట్టిన ప్రీమియం తీసేస్తే నికర లాభం వస్తుంది. ప్రశ్నలో ‘పేఆఫ్’ అని ఉన్నా ప్రీమియం అంకె కూడా ఇస్తే రెండు గీతలూ గీసి, దేని మీద దాని పేరు రాయడం మంచిది. దిద్దేవారికి అనుమానం మిగలదు.

మరి ఈరోజు ధర 502 ఎందుకిచ్చారు? ఈ గ్రాఫుకు దానితో పనే లేదు. మనం గీసేది ఎక్స్‌పైరీ రోజు బొమ్మ. ఆ రోజు ధర ఎంతైనా కావచ్చు కాబట్టే అడ్డగీత మీద చాలా ధరలు పెడతాం. 502కు 20 కలిపి బ్రేక్ ఈవెన్ 522 అని రాసేవాళ్లు ప్రతిసారీ కొందరుంటారు. ఆ అంకె కనిపించిందంటే స్ట్రైక్ ఉండాల్సిన చోట స్పాట్ ధర వచ్చి కూర్చుందన్నమాట.

## 2. ప్రీమియాన్ని బయానాతో కలపకండి

కాల్ గురించి చెప్పేటప్పుడు స్థలం కొనేముందు ఇచ్చే బయానాతో పోల్చడం మామూలే. సగం వరకు ఆ పోలిక బాగానే పనిచేస్తుంది. బయానా ఇచ్చి ధర ఖాయం చేసుకుంటాం. వద్దనుకుంటే సాధారణంగా ఆ డబ్బు వదులుకుని తప్పుకుంటాం.

తేడా మిగతా సగంలో ఉంది. స్థలం 50 లక్షలకు మాట్లాడుకుని 2 లక్షలు బయానా ఇస్తే, రిజిస్ట్రేషన్ రోజు ఇంకా ఇవ్వాల్సింది 48 లక్షలే, బయానా ధరలో కలిసిపోతుంది. ఆప్షన్ ప్రీమియం అలా కలవదు. కాల్ వాడుకుంటే షేరుకు 500 పూర్తిగా కట్టాలి. ముందు ఇచ్చిన 20 వేరే ఖర్చు, అది తిరిగి రాదు.

అందుకే మన కాల్ కొన్నవాడికి షేరు నిజంగా పడే ధర 520. బ్రేక్ ఈవెన్ 500 దగ్గర కాకుండా 520 దగ్గర ఉండడానికి కారణం ఇదే.

## 3. ముందు టేబుల్

ఎక్స్‌పైరీ రోజు ధరలు ఏవి తీసుకోవాలి? స్ట్రైక్‌ను మధ్యలో పెట్టి, అటు మూడు ఇటు మూడు తీసుకోండి. 500 మధ్యలో ఉంటే 440 నుంచి 560 దాకా, 20 రూపాయల తేడాతో చాలు.

సూత్రాలు మూడే. S అంటే ఎక్స్‌పైరీ రోజు షేరు ధర, K అంటే స్ట్రైక్.

```
Call payoff = max(S - K, 0)
Put payoff  = max(K - S, 0)
Net (buyer) = payoff - premium
```

`max` అంటే రెండింట్లో పెద్దది. షేరు 460 ఉంటే కాల్‌కు 460 − 500 = −40 వస్తుంది. −40, 0 లలో పెద్దది 0. మార్కెట్లో 460కి దొరికే షేరును 500 పెట్టి ఎవరూ కొనరు కదా, ఆప్షన్ వాడకుండా ఊరుకుంటారు. సూత్రం చెప్పేదీ అదే.

| ఎక్స్‌పైరీ ధర | కాల్ పేఆఫ్ | కాల్ నికరం | పుట్ పేఆఫ్ | పుట్ నికరం |
|---|---|---|---|---|
| 440 | 0 | −20 | 60 | +45 |
| 460 | 0 | −20 | 40 | +25 |
| 480 | 0 | −20 | 20 | +5 |
| 500 | 0 | −20 | 0 | −15 |
| 520 | 20 | 0 | 0 | −15 |
| 540 | 40 | +20 | 0 | −15 |
| 560 | 60 | +40 | 0 | −15 |

ఈ అంకెలన్నీ కొన్నవాడివి, ఒక్క షేరుకు. లాట్ సంగతి చివర్లో చూద్దాం. మొదట్లోనే 600తో గుణిస్తే అంకెలు పెద్దవై స్కేలు చూసుకోవడం కష్టమవుతుంది.

కాల్ బ్రేక్ ఈవెన్ 520 టేబుల్లోనే దొరికింది. పుట్ నికరం మాత్రం 480 దగ్గర +5, 500 దగ్గర −15. అంటే సున్నా ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. స్ట్రైక్‌లోంచి ప్రీమియం తీసేస్తే 485. ఇలా బ్రేక్ ఈవెన్ టేబుల్లో పడనప్పుడు పక్కన విడిగా రాసుకుని, గ్రాఫులో ఆ చుక్క కూడా పెట్టండి.

## 4. గీతలు, స్కేలు

అడ్డగీత మీద ‘ఎక్స్‌పైరీ రోజు షేరు ధర’ అని రాయండి. నిలువు గీత మీద ‘షేరుకు లాభం / నష్టం, రూపాయల్లో’ అని రాయండి. పేరు రాయని గీతకు మార్కులు పోతే ఎవరినీ అనలేం.

అడ్డగీతను పేజీకి బాగా కింద గీయకండి. సున్నా కింద నష్టం గీయడానికి చోటు కావాలి, రైటర్ గ్రాఫుకైతే ఇంకా ఎక్కువ కావాలి. పేజీ మధ్యలో గీస్తే గొడవ ఉండదు.

వీలైతే రెండు గీతల మీదా ఒకటే స్కేలు పెట్టండి, ఉదాహరణకు ఒక సెంటీమీటరుకు 20 రూపాయలు. అప్పుడు ఏటవాలు గీత కచ్చితంగా 45 డిగ్రీల్లో వస్తుంది. షేరు ఒక రూపాయి కదిలితే పేఆఫ్ కూడా ఒక రూపాయే కదులుతుంది కాబట్టి అలా రావాలి. స్కేలు ఒకటే పెట్టినా గీత నిటారుగానో, బాగా వాలినట్టో కనిపిస్తే ఏదో ఒక చుక్క తప్పు పడినట్టే.

## 5. కాల్ కొన్నవాడి గ్రాఫు

టేబుల్లోంచి మూడు చుక్కలు చాలు. 440 దగ్గర −20, 500 దగ్గర −20, 560 దగ్గర +40. మొదటి రెండింటిని అడ్డంగా కలపండి. రెండోదాన్ని, మూడోదాన్ని ఏటవాలుగా కలిపి, కుడి చివర బాణం గుర్తు పెట్టండి. లాభానికి పైన హద్దు లేదని ఆ బాణం చెబుతుంది.

```
+40 |                         *
+30 |                       *
+20 |                     *
+10 |                   *
  0 |-----------------*--------
-10 |               *
-20 | *************
     440 460 480 500 520 540 560
```

గీత ఎక్కడ మలుపు తిరిగింది? 500 దగ్గర, అంటే స్ట్రైక్ దగ్గర. సున్నాను ఎక్కడ దాటింది? 520 దగ్గర, అంటే బ్రేక్ ఈవెన్ దగ్గర. ఈ రెండూ వేర్వేరు చోట్లు. మలుపును 520 దగ్గర పెట్టడం కాల్ గ్రాఫుల్లో నాకు తరచూ కనిపించే తప్పు. అలా గీసినవాళ్ల మనసులో ఒక ఆలోచన ఉంటుంది: 510 దగ్గర కొన్నవాడికి నష్టమే కదా, మరి ఆప్షన్ ఎందుకు వాడతాడు?

ఇక్కడ కాసేపు ఆగండి. ఎక్స్‌పైరీ రోజు షేరు 510 దగ్గర ముగిసిందనుకుందాం. కొన్నవాడు కాల్ వాడుకోకపోతే పోయేది 20. వాడుకుంటే 500కు కొని 510 విలువ పొందుతాడు, చేతికి 10 వస్తుంది. కట్టిన 20లో 10 తిరిగొచ్చినట్టు లెక్క, నష్టం 10కి తగ్గుతుంది. 20 పోగొట్టుకోవడం కంటే 10 పోగొట్టుకోవడం నయం కాబట్టి వాడుకుంటాడు. ప్రీమియం ఎలాగూ పోయింది. వాడాలా వద్దా అన్న నిర్ణయంలో దానికి పాత్ర లేదు, స్ట్రైక్ దాటిందా లేదా అన్నదే చూడాలి.

కాబట్టి 500, 520 మధ్య ప్రాంతంలో ఆప్షన్ వాడుకోవడమూ జరుగుతుంది, నష్టమూ ఉంటుంది. గ్రాఫు మీద ఆ ముక్కను పెన్సిల్‌తో లేతగా నింపి ‘వాడినా నష్టమే, కానీ తక్కువ నష్టం’ అని రాయండి. విషయం అర్థమై గీశారని ఆ ఒక్క మాట చెబుతుంది.

## 6. పుట్ కొన్నవాడి గ్రాఫు

పుట్ కొన్నవాడికి 500కు అమ్మే హక్కు ఉంది. షేరు పడితేనే ఆ హక్కుకు విలువ. అందుకే ఏటవాలు గీత ఎడమవైపు పైకి లేస్తుంది, కుడివైపు చదునుగా ఉంటుంది.

```
+45 | *
+30 |    *
+15 |       *
  0 |----------*---------------
-15 |             *************
     440 460 480 500 520 540 560
```

మలుపు మళ్లీ 500 దగ్గరే. సున్నా దాటేది 485 దగ్గర, స్ట్రైక్‌కు ఎడమవైపు. కాల్‌కు ప్రీమియం కలపాలి, పుట్‌కు తీసేయాలి. ఏది కలపాలో మరిచిపోతే సూత్రం కోసం వెతక్కండి. పుట్ కొన్నవాడికి షేరు ఎటు కదిలితే మంచిదో చూడండి. కిందికి పోవాలి, కట్టిన 15 రాబట్టుకోవాలంటే 500 నుంచి మరో 15 కిందికి పోవాలి. అంతే, 485.

ఎడమ చివర ఇంకో సంగతి. పుట్ లాభం ఎంత పెద్దదైనా దానికి హద్దుంది, ఎందుకంటే షేరు ధర సున్నా కంటే కిందికి పోదు. షేరు సున్నా అయితే పేఆఫ్ 500, ప్రీమియం పోను 485. అందుకే పుట్ జవాబులో ‘అపరిమిత లాభం’ అని రాయకండి, ‘గరిష్ఠ లాభం 485’ అని రాయండి.

## 7. రైటర్ల గ్రాఫులు: కొత్తగా లెక్క వేయొద్దు

కొన్నవాడి జేబులోకి వచ్చే ప్రతి రూపాయీ రైటర్ జేబులోంచే వస్తుంది. కాబట్టి టేబుల్లో గుర్తులు మారిస్తే చాలు. −20 ఉన్నచోట +20, +40 ఉన్నచోట −40.

| ఎక్స్‌పైరీ ధర | కాల్ రైటర్ | పుట్ రైటర్ |
|---|---|---|
| 440 | +20 | −45 |
| 480 | +20 | −5 |
| 500 | +20 | +15 |
| 520 | 0 | +15 |
| 560 | −40 | +15 |

బొమ్మలో అడ్డగీతను అద్దంలా అనుకోండి. పైన ఉన్నది కిందికి, కింద ఉన్నది పైకి తిరుగుతుంది. ఎడమ కుడి మాత్రం మారవు, మలుపు, బ్రేక్ ఈవెన్ కూడా ఉన్నచోటే ఉంటాయి. తిరగేయమంటే కొందరు పక్కకు తిప్పేస్తారు. అప్పుడు కాల్ రైటర్ గ్రాఫు బదులు పుట్ కొన్నవాడి గ్రాఫు లాంటిది వస్తుంది.

సరిచూసుకోవడానికి ఏదో ఒక ధర దగ్గర కొన్నవాడి అంకెను, రైటర్ అంకెను కలపండి. సున్నా రావాలి. రాకపోతే తప్పు ఆ రెండు గీతల్లోనే ఉంది.

## 8. కాల్ కొనడం, పుట్ అమ్మడం ఒకటి కాదు

‘రెండూ షేరు పెరుగుతుందన్న నమ్మకమే కదా, తేడా ఏముంది?’ చిన్న ప్రశ్నల్లో ఇది తరచూ వస్తుంది. నమ్మకం ఒకటే, బేరం వేరు. మన టేబుల్లోనే రెండు ధరలు చూస్తే తేలిపోతుంది.

షేరు 560కి పోతే కాల్ కొన్నవాడికి 40 మిగులుతుంది, పుట్ అమ్మినవాడికి 15 మాత్రమే. షేరు 440కి పడితే కాల్ కొన్నవాడు 20 నష్టంతో బయటపడతాడు, పుట్ అమ్మినవాడికి 45 పోతుంది. మరి పుట్ ఎందుకు అమ్ముతారు? షేరు 500 దగ్గరే కదలకుండా ఉన్నా అతనికి 15 వస్తుంది, కాల్ కొన్నవాడికేమో 20 పోతుంది. రెండు గీతలనూ ఒకే గ్రాఫులో వేసి ఈ మూడు ధరల దగ్గర అంకెలు రాస్తే జవాబు పూర్తవుతుంది.

## 9. బొమ్మ కింద రాయాల్సిన మాటలు, లాట్ లెక్క

బొమ్మ ఒక్కటే గీసి వదిలేస్తే సగం మార్కులే. ప్రతి గ్రాఫు కింద ఈ నాలుగూ ఉండాలి:

- మలుపు ఎక్కడ (స్ట్రైక్)
- బ్రేక్ ఈవెన్ ఎంత, ఎలా వచ్చింది
- గరిష్ఠ నష్టం
- గరిష్ఠ లాభం, లేదా హద్దు లేదన్న మాట

ఆ తర్వాతే 600తో గుణించండి. కాల్ కొన్నవాడి గరిష్ఠ నష్టం 20 × 600 = 12,000 రూపాయలు. షేరు 560 అయితే లాభం 24,000. పుట్ కొన్నవాడి గరిష్ఠ నష్టం 9,000. పుట్ రైటర్‌కు షేరు సున్నా అయితే 485 × 600 = 2,91,000 నష్టం. కాల్ రైటర్ నష్టానికి అంకె రాయలేం, హద్దు లేదు. బ్రేక్ ఈవెన్‌ను మాత్రం 600తో గుణించకూడదు. అది షేరు ధర, డబ్బు మొత్తం కాదు.

ఇంకో వాక్యం కూడా కలపండి: ‘బ్రోకరేజీ, పన్నులు లెక్కలోకి తీసుకోలేదు, ఇది ఎక్స్‌పైరీ రోజు స్థితి.’ ఎక్స్‌పైరీకి ముందు ఆప్షన్ విలువలో మిగిలిన సమయం విలువ కూడా ఉంటుంది కాబట్టి గీత ఇలా విరిగినట్టు కాకుండా వంపుగా ఉంటుంది. మన దేశంలో ఇప్పుడు కంపెనీ షేర్ల ఆప్షన్లు యూరోపియన్ తరహావి, అంటే ఎక్స్‌పైరీ రోజే వాడుకోవాలి. అప్పుడు షేర్లే చేతులు మారతాయి. నిఫ్టీ ఆప్షన్లలో తేడా డబ్బు మాత్రమే ఇస్తారు. రెండింటికీ పేఆఫ్ గ్రాఫు ఆకారం ఒకటే.

## 10. పేపర్ ఇచ్చేముందు ఒక నిమిషం

| కనిపించేది | జరిగిన తప్పు | దిద్దుబాటు |
|---|---|---|
| మలుపు, బ్రేక్ ఈవెన్ ఒకేచోట | పేఆఫ్, నికరం కలిసిపోయాయి | కొన్నవాడి గీత మొత్తాన్ని ప్రీమియం అంత కిందికి దించండి |
| బ్రేక్ ఈవెన్ 522 | స్పాట్ ధర వాడారు | స్ట్రైక్ నుంచి లెక్కించండి |
| పుట్ బ్రేక్ ఈవెన్ 515 | ప్రీమియం కలిపారు | తీసేయండి, 485 |
| రైటర్ పేఆఫ్ సున్నా పైన | ప్రీమియం కలిసిపోయింది | రైటర్ పేఆఫ్ ఎప్పుడూ సున్నా లేదా మైనస్ |

చివరి వరుస కాస్త వింతగా అనిపిస్తుంది. ప్రీమియం లేకుండా చూస్తే రైటర్‌కు ఎక్స్‌పైరీ రోజు వచ్చేదేమీ ఉండదు, అయితే సున్నా, లేకపోతే ఇవ్వడమే. అతను పుచ్చుకునేదంతా మొదటిరోజు ప్రీమియమే.

## 11. రెండు ఆప్షన్లు కలిపి అడిగితే

ఈ 500 కాల్, 500 పుట్ రెండూ కొన్నాడు, గ్రాఫు గీయండి అని కూడా అడగొచ్చు. దీన్ని స్ట్రాడిల్ అంటారు. మూడో భాగంలోని టేబుల్లో రెండు నికరం నిలువు వరుసలనూ అడ్డంగా కూడితే చాలు. 440 దగ్గర −20 + 45 = 25. 500 దగ్గర −20 − 15 = −35. 540 దగ్గర 20 − 15 = 5. చుక్కలు కలిపితే 500 దగ్గర అడుగు తాకే V ఆకారం వస్తుంది.

మొత్తం ప్రీమియం 35 కాబట్టి బ్రేక్ ఈవెన్లు రెండు, 465, 535. 465 దగ్గర సరిచూడండి: కాల్‌లో −20, పుట్‌లో 35 − 15 = +20, కూడితే సున్నా.